లిస్టు రెట్టింపైతే ఎదురుచూపు నాలుగింతలు

ఒక కాలేజీలో పరీక్ష ఫీజు కట్టినవాళ్ల హాల్ టికెట్ నంబర్లన్నీ ఒక లిస్టులో ఉన్నాయనుకుందాం. వాటిలో ఏ నంబరైనా పొరపాటున రెండుసార్లు పడిందేమో చూడాలి. పైథాన్ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకు మొదట తట్టే పద్ధతి ఇది:

```python
n = len(a)
for i in range(n):
    for j in range(i + 1, n):
        if a[i] == a[j]:
            print(a[i])
```

మొదటి నంబరును పట్టుకుని దాని తర్వాతున్న ప్రతి నంబరుతోనూ పోల్చడం, ఆ తర్వాత రెండోదాన్ని పట్టుకుని మళ్లీ అదే పని చేయడం. ఇందులో తప్పేమీ లేదు. జవాబు సరిగ్గానే వస్తుంది. వంద నంబర్లతో నడిపి చూస్తే రెప్పపాటులో అయిపోతుంది కూడా. చిక్కంతా అక్కడే ఉంది. వందతో చూసినవాళ్లకు లక్షతో ఏమవుతుందో తెలియదు.

అది తెలుసుకోవడానికి ప్రోగ్రాం నడపక్కర్లేదు, కాగితం మీద లెక్కేస్తే చాలు. ముందుగా ప్రోగ్రాంలో అన్నిటికంటే ఎక్కువసార్లు నడిచే లైను ఏదో గుర్తించాలి. ఇక్కడ అది లోపలి లూప్‌లో ఉన్న `if` లైను. మిగతావాటిని ప్రస్తుతానికి మరిచిపోవచ్చు. లిస్టులో ఐదు నంబర్లే ఉంటే మొదటి నంబరుకు నాలుగు పోలికలు, రెండోదానికి మూడు, ఆ తర్వాత రెండు, ఒకటి. చివరి నంబరు వంతు వచ్చేసరికి పోల్చడానికి ఎవరూ మిగలరు. మొత్తం పది పోలికలు. అదే పది నంబర్లుంటే తొమ్మిది నుంచి ఒకటి దాకా కూడాలి, అంటే 45. నంబర్లు రెట్టింపయ్యాయి, పోలికలు మాత్రం నాలుగున్నర రెట్లయ్యాయి. లిస్టు పెద్దదయ్యేకొద్దీ ఈ నాలుగున్నర తగ్గుతూ వచ్చి నాలుగు దగ్గర స్థిరపడుతుంది.

దీనికి సూత్రం n(n-1)/2. వెయ్యి నంబర్లకు 4,99,500 పోలికలు. పదివేలకు దాదాపు 5 కోట్లు. లక్షకు దాదాపు 500 కోట్లు. లిస్టు పది రెట్లు పెరిగిన ప్రతిసారీ పని వంద రెట్లు పెరుగుతోంది. పోలికల సంఖ్య n వర్గాన్ని అంటిపెట్టుకుని పెరుగుతుంది కాబట్టి దీన్ని O(n²) అని రాస్తారు. జర్మన్ గణితవేత్త పాల్ బాఖ్‌మన్ 1894లో సంఖ్యాశాస్త్రం కోసం వాడిన ఈ గుర్తు, ఆ తర్వాత చాలాకాలానికి కంప్యూటర్ల వైపు వచ్చింది.

ఇప్పుడు పోలికలను సెకన్లలోకి మార్చుకోవాలి. మామూలు ల్యాప్‌టాప్‌లో పైథాన్ ఇలాంటి చిన్న పోలికలను సెకనుకు రెండు కోట్ల దాకా చేస్తుందనుకుందాం. మీ యంత్రాన్ని బట్టి ఇది ఎక్కువో తక్కువో కావచ్చు, ఉజ్జాయింపుకు ఇది చాలు. పదివేల నంబర్లకు రెండున్నర సెకన్లు, ఓపిక పట్టొచ్చు. లక్షకు 250 సెకన్లు, అంటే నాలుగు నిమిషాల పైమాట. పది లక్షలకైతే దాదాపు ఏడు గంటలు. రాత్రి మొదలుపెడితే తెల్లారేసరికి అవుతుంది.

లోపలి లూప్‌ను `i + 1` నుంచి మొదలుపెట్టి సగం పని తప్పించాం కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. సున్నా నుంచి మొదలుపెట్టి ఉంటే ప్రతి జతనూ రెండుసార్లు పోల్చేవాళ్లం, పైగా ప్రతి నంబరును దానితోనే ఒకసారి. అప్పుడు ఏడు గంటల పని పద్నాలుగు గంటలయ్యేది. కానీ సగం చేసినంత మాత్రాన పెరుగుదల తీరు మారదు. రెట్టింపు వేగమున్న కంప్యూటర్ కొన్నా ఇదే కథ. రెట్టింపు వేగంతో, అదే సమయంలో లిస్టును 1.4 రెట్ల దాకా పెంచుకోగలం, అంతే.

అలాగని ఒక లూప్‌లో ఇంకో లూప్ కనిపించగానే O(n²) అని ముద్ర వేయకూడదు. ప్రతి విద్యార్థికీ ఆరు సబ్జెక్టుల మార్కులు కూడే ప్రోగ్రాంలోనూ రెండు లూప్‌లు ఉంటాయి. కానీ లోపలిది ఎప్పుడూ ఆరుసార్లే తిరుగుతుంది. విద్యార్థులు రెట్టింపైతే పనీ రెట్టింపే అవుతుంది. చూడాల్సింది లూప్‌ల లెక్క కాదు, లిస్టు పెరిగినప్పుడు లోపలి లూప్ కూడా దానితోపాటు పెరుగుతుందా లేదా అన్నది.

దీనికి తలకిందులుగా ఉండేది మరీ మోసం చేస్తుంది. అక్కడ కంటికి ఒకటే లూప్ కనిపిస్తుంది:

```python
seen = []
for x in a:
    if x in seen:
        print(x)
    seen.append(x)
```

`seen` లిస్టు కాబట్టి `in` అన్న ఆ చిన్నమాట దాన్ని మొదటినుంచి ఒక్కొక్కటే వెతుకుతుంది. అది దాక్కున్న లూప్. పైథానే స్వయంగా చేస్తుంది కాబట్టి మనం రాసిన లూప్ కంటే వేగంగానే తిరుగుతుంది గానీ పెరుగుదల మళ్లీ వర్గమే.

ఇలా దాక్కున్న లూప్ ఎంత దూరం పోగలదో చెప్పడానికి జీటీఏ ఆన్‌లైన్ ఆట మంచి ఉదాహరణ. 2013లో వచ్చిన ఈ ఆట తెరుచుకోవడానికి నిమిషాల తరబడి పడుతుందని ఆడేవాళ్లు ఏళ్లుగా విసుక్కుంటూ ఉండేవారు. 2021లో `t0st` అనే మారుపేరుతో రాసే ప్రోగ్రామర్ లోపల ఏం జరుగుతోందో తవ్వి తీశారు. ఆటలో కొనుక్కునే వస్తువుల జాబితాలో దాదాపు 63,000 పద్దులు ఉన్నాయి. ఒక్కో పద్దును చేర్చుకునే ముందు, అది అంతకుముందే ఉందేమోనని అప్పటిదాకా చేర్చినవన్నీ వరసగా చూస్తోంది ప్రోగ్రాం. మన హాల్ టికెట్ లెక్కే. పోలికలు 198 కోట్లు దాటాయి. పైగా ఆ జాబితా ఫైలును చదివే పద్ధతిలో ఇదే జాతి లోపం ఇంకొకటి ఉంది. రెంటినీ సరిదిద్దితే ఆయన కంప్యూటర్‌లో ఆరు నిమిషాలు పట్టేది రెండు నిమిషాల లోపుకి వచ్చింది. ఆట తయారుచేసిన రాక్‌స్టార్ కంపెనీ ఆ లోపాన్ని ఒప్పుకుని, మార్చిలో అప్‌డేట్ ఇచ్చి, ఆయనకు 10,000 డాలర్ల బహుమతి పంపింది. జాబితా చిన్నగా ఉన్న రోజుల్లో ఆ కోడ్ ఎవరినీ ఇబ్బంది పెట్టి ఉండదని నా ఊహ.

మన ప్రోగ్రాంకు మందు సులువే. పైకోడ్‌లో `seen = []` బదులు `seen = set()` అని, `append` బదులు `add` అని రాస్తే చాలు. సెట్ ఒక్కో నంబరు నుంచి అది ఉండాల్సిన చోటును లెక్కగట్టి దాదాపుగా నేరుగా అక్కడికే వెళ్తుంది, మిగతావాటి జోలికి పోదు. లక్ష నంబర్లకు లక్ష చూపులు. నాలుగు నిమిషాల పని సెకనులో చిన్న భాగానికి దిగుతుంది. బదులుగా కొన్ని ఎంబీల మెమరీ అదనంగా తీసుకుంటుంది.

ఇతరులు రాసిన ప్రోగ్రాం చేతికొచ్చి లోపల ఏ లూప్ దాక్కుందో తెలియనప్పుడు గడియారాన్నే అడగండి. `time.perf_counter()`తో 5,000 నంబర్లకు, 10,000కు, 20,000కు ఎంతసేపు పడుతోందో కొలవండి. ఒక్కో మెట్టుకూ సమయం రెండింతలవుతుంటే నిశ్చింత. నాలుగింతలవుతుంటే ఎక్కడో వర్గం దాగి ఉంది. మరీ చిన్న లిస్టులతో కొలిస్తే మొదలుపెట్టే ఖర్చే ఎక్కువై ఈ తేడా బయటపడదు.

ఇక మీ లిస్టులో యాభై పేర్లే ఉండి, ఎప్పటికీ అంతకు మించవని తెలిస్తే రెండు లూప్‌లనూ అలాగే ఉంచేయండి. 1,225 పోలికల కోసం కోడ్ తిరగరాయడం దండగ.