డెమోలో మీతో పాటు బోర్డూ మాట్లాడాలి!

జూనియర్ కాలేజీలోనో, కోచింగ్ సెంటర్‌లోనో ఫ్యాకల్టీ పోస్టుకు వెళ్తున్నారా? రెజ్యూమె చూశాక అక్కడివాళ్లు అడిగే మొదటి మాట ‘ఒక డెమో ఇవ్వండి’ అనే. చేతికి చాక్‌పీస్ ఇస్తారు, పది నిమిషాలు టైమిస్తారు. కాలేజీలో సెమినార్లన్నీ స్లైడ్లతోనే లాగించేసిన మనకు అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. సబ్జెక్టు వచ్చినా, బోర్డు మీద ఏది ఎక్కడ రాయాలో, ఎంత రాయాలో తేలదు.

దీనికి ఒక కొలత ఉంది. క్లాసులో రెండు నిమిషాలు పరధ్యానంలో పడ్డ విద్యార్థి తల ఎత్తి చూస్తే, మిమ్మల్ని అడగకుండానే పాఠం ఎక్కడిదాకా వచ్చిందో బోర్డు చూసి తెలుసుకోగలగాలి. ఒక ఫిజిక్స్ లెక్కతో దీన్ని చూద్దాం.

లెక్క ఇదీ: 25 మీటర్ల ఎత్తున్న భవనం పైనుంచి ఒక రాయిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు. అది నేలను తాకడానికి ఎంత సమయం పడుతుంది? g విలువ 10 అనుకోండి.

బోర్డులో ఎంత పడుతుంది?

ముందు అక్షరం సైజు తేల్చుకోవాలి. కంటి డాక్టర్ దగ్గర 6/6 చూపు ఉందంటే, 6 మీటర్ల దూరం నుంచి దాదాపు 9 మిల్లీమీటర్ల అక్షరాన్ని చదవగలరని అర్థం. చివరి బెంచీ 9 మీటర్ల దూరంలో ఉంటే ఆ లెక్కన 13 మిల్లీమీటర్లు కావాలి. కానీ అది మంచి చూపున్నవాళ్లు, మంచి వెలుతురులో, కష్టపడి చదివే సైజు. క్లాసులో అందరికీ ఆ చూపు ఉండదు, సుద్దగీత అచ్చక్షరమంత స్పష్టంగానూ ఉండదు. అందుకే దానికి మూడింతలు, అంటే 4 సెంటీమీటర్లు పెట్టుకోండి. సుమారుగా మీ రెండు వేళ్ల వెడల్పు.

ఇప్పుడు 8 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తున్న బోర్డు తీసుకుందాం. ముందు కూర్చున్నవాళ్ల తలలు అడ్డొస్తాయి కాబట్టి అడుగున జానెడు వదిలేయాలి. వరుసకు, వరుసకు మధ్య ఖాళీతో కలిపి ఒక్కో లైనుకు 8 సెంటీమీటర్లు పోతే మిగిలేది పన్నెండు లైన్లే. తెలుగులో రాస్తే ఒత్తులకు, గుడులకు ఇంకాస్త చోటు కావాలి. అంటే లైన్లు మరీ తగ్గుతాయి. ఏం రాయాలో ముందే తేల్చుకోవాలనడానికి కారణం ఇదే.

మూడు భాగాలు

బోర్డును నిలువుగా మూడు భాగాలు చేయండి. ఒక్కోటి 80 సెంటీమీటర్లు వస్తుంది. ఎడమ భాగం చివరిదాకా చెరపకూడనిది. అందులో పైన శీర్షిక, కింద భవనం బొమ్మ, ‘పైదిశ +’ అని ఒక బాణం, ఆ కింద ఇచ్చిన విలువలు: u = +20, a = −10, s = −25. వాటి కింద s = ut + ½at².

మధ్య భాగంలో లెక్క నడుస్తుంది:

−25 = 20t − 5t²
t² − 4t − 5 = 0
(t − 5)(t + 1) = 0
t = 5 సెకన్లు

ఒక్కో అడుగుకు ఒక్కో లైను. సమానం గుర్తు ఉన్నవన్నీ ఒకదాని కింద ఒకటి రావాలి. కుడి భాగం చిత్తుపనికి, విద్యార్థులు అడిగే సందేహాలకు. చెరపాల్సి వస్తే ముందు దాన్నే చెరపండి.

ఎడమ భాగాన్ని ఎందుకు ఉంచాలి? ఈ లెక్కలో ఎక్కువమంది తడబడేది s దగ్గరే. −25కు బదులు +25 వేస్తే t² − 4t + 5 = 0 వస్తుంది. దానికి వాస్తవ మూలాలు ఉండవు. రాయి విసిరిన చోటు నుంచి 20 మీటర్లే పైకి వెళ్తుంది, 25 మీటర్లు ఎప్పటికీ చేరదు. ‘సార్, నాకు రావట్లేదు’ అని ఎవరైనా అంటే బాణాన్ని, s పక్కనున్న మైనస్‌ను వేలితో చూపిస్తే చాలు. అదే చెరిపేసి ఉంటే మళ్లీ మొదటి నుంచి చెప్పాలి.

ఏది రాయాలి, ఏది చెప్పాలి?

కన్ను మళ్లీ మళ్లీ వెళ్లాల్సినవి రాయండి: విలువలు, గుర్తులు, సమీకరణం, జవాబు. ఒకసారి అర్థమైతే చాలనుకునేవి నోటితో చెప్పండి. ‘రాయి చివరికి బయల్దేరిన చోటుకంటే కిందికి వచ్చింది కాబట్టి s మైనస్’ అనేది చెప్పాల్సిన వాక్యం. బోర్డు మీద దాని గుర్తుగా ఆ మైనస్ ఒక్కటే ఉంటుంది. t = −1ను ఎందుకు వదిలేశామో కూడా మాటలతోనే చెప్పి, దాని మీద ఒక అడ్డగీత గీస్తే సరి.

బోర్డువైపు తిరిగి కొత్త విషయం వివరించొద్దు. మీ గొంతు గోడకు తగిలి పోతుంది, వెనకవాళ్లకు సగమే వినిపిస్తుంది. ముందు లైను చెప్పండి, తిరిగి రాయండి, మళ్లీ క్లాసువైపు తిరగండి. రాసే ఐదారు సెకన్లు మౌనంగా ఉన్నా నష్టం లేదు. రాశాక పెన్నులు ఆగేదాకా ఆగండి. ఎక్కించుకునేవాళ్లు ఆ సమయంలో మీరు చెప్పేది వినలేరు.

చేతిరాత కుదరాలంటే

చాక్‌పీస్‌ను పెన్నులా నిలబెట్టి పట్టుకోకండి. బొటనవేలు, రెండు వేళ్ల మధ్య పట్టుకుని బోర్డుకు ఏటవాలుగా ఆనించండి. రాస్తూ మధ్యమధ్యలో తిప్పుతుంటే అంచు సమానంగా అరిగి గీత ఒకే మందంలో వస్తుంది. కీచుమంటే సగానికి విరిచేయండి. లైను పైకో కిందికో జారిపోతోందంటే, మీరు ఒకేచోట నిలబడి చెయ్యి మాత్రం చాపుతున్నారన్నమాట. నాలుగైదు అక్షరాలకు ఒక అడుగు పక్కకు జరగండి.

ఫిజిక్స్ చెప్పేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. దూరం నుంచి u, v ఒకేలా కనిపిస్తాయి. t కూడా + లా ఉంటుంది. uకి తోక, t కింద వంపు తప్పకుండా పెట్టండి. తప్పు పడితే దాని మీదే దిద్దకుండా పూర్తిగా తుడిచి రాయండి. ఆకుపచ్చ బోర్డు మీద ఎరుపు, నీలం సుద్దలు వెనక్కి కనిపించవు. తెలుపు, పసుపు చాలు. ఈ లెక్కలో పసుపు వాడాల్సింది ఆ మైనస్‌కే.

డెమోకు ముందురోజు ఖాళీ క్లాస్‌రూమ్ దొరికితే ఈ లెక్కనే గడియారం పెట్టుకుని రాసి చూడండి. తర్వాత చివరి బెంచీలో రెండు మూలలా కూర్చోండి. కిటికీ వెలుతురు బోర్డు మీద పడి మెరిసే చోటు అక్కడి నుంచే తెలుస్తుంది. ఆ భాగాన్ని చిత్తుపనికి వదిలేయండి. ఆపై ఈ పాఠం తెలియని స్నేహితుణ్ని పిలిచి, మీరు నోరు మెదపకుండా బోర్డు చూపించండి. 5 సెకన్లు ఎలా వచ్చిందో అతను చెప్పగలిగితే మీ బోర్డు డెమోకు సిద్ధమైనట్టే. ఏ లైను దగ్గర ఆగిపోయాడో, మీరు సరిచేయాల్సింది ఆ లైనునే.