కాగితానికో తేదీ... కొలువుకు కొర్రీ
విదేశీ విచారణలో చిక్కు తెస్తున్న అనుభవ ధ్రువపత్రం, రిలీవింగ్ లెటర్ మాటలు

జగిత్యాల : గల్ఫ్ దారి పట్టేవారికి ఒకప్పుడు పాస్‌పోర్టు, వీసా, టిక్కెట్టు చేతికొస్తే ప్రయాణం ఖాయమైనట్లే. చదువు, పనితనం చూసి తీసుకునే కొలువులకు ఇప్పుడు మరో గడప దాటాల్సి వస్తోంది. అక్కడి సంస్థ ఉద్యోగం ఇస్తామని ఉత్తరం పంపిన తర్వాత, ఇక్కడ పనిచేసిన పాత యాజమాన్యాన్ని మూడో మనిషి చేత విచారిస్తోంది. దీనినే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అంటున్నారు. ఈ విచారణలో దొంగ కాగితాలు పెట్టినవారితో పాటు, నిజంగా పనిచేసినవారు కూడా అప్పుడప్పుడు ఇరుక్కుంటున్నారు. కారణం, కాగితంలో రాసిన ఒకటి రెండు మాటలే.

జిల్లాకు చెందిన ఒక ఎలక్ట్రికల్ డిప్లొమా యువకునికి 2024లో ఇదే అనుభవం ఎదురైంది. హైదరాబాద్ శివారులోని ఒక ఫ్యాక్టరీలో యంత్రాల మరమ్మతు విభాగంలో దాదాపు అయిదేళ్లు పనిచేసి అతను బయటికొచ్చాడు. తర్వాత దుబాయ్‌లో భవనాల నిర్వహణ చూసే ఒక సంస్థ అతన్ని టెక్నీషియన్‌గా ఎంపిక చేసింది. పంపిన ఫారంలో ‘2018 జూన్ నుంచి 2023 మార్చి వరకు’ పనిచేసినట్లు రాశాడు. ఫ్యాక్టరీ ఇచ్చిన రెండు కాగితాలూ జతచేశాడు. కొద్దిరోజులకు విచారణ సంస్థ నుంచి జవాబు వచ్చింది. తేదీలు కలవడం లేదని, పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది.

రెండు కాగితాలు, రెండు పనులు

అనుభవ ధ్రువపత్రం, రిలీవింగ్ లెటర్ ఒకటేనని చాలామంది అనుకుంటారు. ఒకటి ఉంటే రెండోది ఎందుకని ఊరుకుంటారు. కాని ఈ రెండింటి పని వేరు. ఫలానా వ్యక్తి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు, ఫలానా హోదాలో మా వద్ద పనిచేశాడని చెప్పేది అనుభవ ధ్రువపత్రం. ఇచ్చిన రాజీనామాను ఒప్పుకున్నామని, ఫలానా రోజుతో విధుల నుంచి తప్పించామని చెప్పేది రిలీవింగ్ లెటర్. మొదటిది చేసిన పనికి సాక్ష్యం. రెండోది పాత కొలువుతో తెగతెంపులు సక్రమంగా జరిగాయనడానికి సాక్ష్యం.

విచారణ చేసేవారు ఈ కాగితాలను చూసి ఊరుకోరు. ఫ్యాక్టరీ సిబ్బంది విభాగానికి ఒక పట్టిక పంపుతారు. పేరు, ఉద్యోగి నంబరు, హోదా, చేరిన తేదీ, ఆఖరి పనిదినం, వెళ్లిపోవడానికి కారణం, బాకీలు ఏమైనా ఉన్నాయా, మళ్లీ పనిలోకి తీసుకుంటారా అనే ప్రశ్నలు సాధారణంగా అందులో ఉంటాయి. జవాబు వచ్చాక అభ్యర్థి రాసిన ఫారం, పంపిన కాగితం, యాజమాన్యం జవాబు... మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు. పలు సంస్థలు ప్రావిడెంట్ ఫండ్ ఖాతాలోని సర్వీసు వివరాలను కూడా అడుగుతాయి. అన్నీ ఒకే మాట చెప్పాలి.

ఆఖరి రోజు ఏది?

ఈ యువకుని విషయంలో మొదటి చిక్కు ఆఖరి తేదీ వద్దనే వచ్చింది. నియామక ఉత్తరం ప్రకారం రెండు నెలల నోటీసు ఇవ్వాలి. 2023 జనవరి 31న రాజీనామా ఇచ్చాడు. లెక్క ప్రకారం మార్చి 31 వరకు పనిచేయాలి. అయితే అతని స్థానంలో మనిషి దొరకడంతో ఫ్యాక్టరీ వారు మిగిలిన నోటీసు మాఫీ చేసి ఫిబ్రవరి 28నే పంపించారు. రిలీవింగ్ లెటర్‌లో ఫిబ్రవరి 28 అని సరిగానే పడింది. రావలసిన జీతం, సెలవుల డబ్బు లెక్క తేల్చింది మాత్రం మార్చి 31న. అనుభవ ధ్రువపత్రం తయారుచేసిన గుమాస్తా ఆ తేదీనే ఆఖరి తేదీగా వేశాడు. అది చూసి యువకుడు ఫారంలో మార్చి అని రాశాడు. ప్రావిడెంట్ ఫండ్ ఖాతాలో ఫిబ్రవరి అని ఉంది. ఒకే మనిషి రెండు తేదీల్లో కొలువు మానినట్లయింది.

రాజీనామా ఇచ్చిన తేదీ, ఆఖరి పనిదినం, లెక్కలు తేలిన తేదీ, కాగితం రాసిన తేదీ... ఈ నాలుగూ వేర్వేరు. విచారణలో లెక్కలోకి వచ్చేది ఆఖరి పనిదినమేనని, ఫ్యాక్టరీల సిబ్బంది విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక అధికారి వివరించారు. యువకుని కాగితాలు చూసి చిక్కు ఎక్కడుందో చెప్పింది ఆయనే.

తేదీ ఒకటే అయినా మాట వల్ల పేచీ వస్తుందని కూడా ఆయన చెబుతున్నారు. ‘విత్ ఎఫెక్ట్ ఫ్రమ్ 28-02-2023’ అని రాస్తే, ఆ రోజు పనిచేశాడా, ఆ రోజు నుంచే లేడా అనే అనుమానం మిగులుతుంది. ‘రిలీవ్డ్ ఫ్రమ్ హిజ్ డ్యూటీస్ ఎట్ ద క్లోజ్ ఆఫ్ వర్కింగ్ అవర్స్ ఆన్ 28-02-2023’ అని రాస్తే, ఆ రోజు పనివేళలు ముగిశాక విడిచిపెట్టామని తేటతెల్లమవుతుంది. ఆ వాక్యానికి ముందు, రాజీనామా ఫలానా తేదీన అందిందని, దానిని ఆమోదించామని ఒక వాక్యం ఉండాలి. నోటీసు మాఫీ చేస్తే ఆ సంగతీ ఒక ముక్క రాయించుకోవాలి. లేకపోతే నోటీసు ఎగ్గొట్టి వెళ్లాడేమోనని చదివేవారికి తోస్తుంది.

కాంట్రాక్టరు కింద గడిచిన రోజులు

రెండో చిక్కు చేరిన తేదీది. యువకుడు ఫ్యాక్టరీ గేటులోకి అడుగుపెట్టింది 2018 జూన్ 18న. అయితే మొదట లేబర్ కాంట్రాక్టరు మనిషిగా ఉన్నాడు. కంపెనీ సొంత రోల్స్‌లోకి వచ్చింది 2019 ఏప్రిల్ 1న. పని అదే, యంత్రాలు అవే, పై అధికారి కూడా ఆయనే. అందుకే ఆ అధికారి సదుద్దేశంతో ధ్రువపత్రంలో 2018 నుంచి పనిచేసినట్లు రాయించారు. విచారణ పట్టిక వెళ్లింది మాత్రం సిబ్బంది విభాగానికి. అక్కడి రికార్డులో ఉన్నది 2019 ఏప్రిల్ 1. ఉన్నదే వారు జవాబిచ్చారు. ప్రావిడెంట్ ఫండ్ ఖాతాలోనూ తొలి తొమ్మిది నెలల పైచిలుకు కాలం కాంట్రాక్టరు సంస్థ పేరిటే జమ అయింది. నిజంగా చేసిన పని కాస్తా అబద్ధం చెప్పినట్లు కనిపించింది.

ఇలాంటి చోట కాలాన్ని రెండు ముక్కలుగా చూపడమే దారి. 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 ఫిబ్రవరి 28 వరకు కంపెనీ రోల్స్‌లో ఉన్నాడని, అంతకుముందు 2018 జూన్ 18 నుంచి 2019 మార్చి 31 వరకు ఫలానా కాంట్రాక్టరు తరఫున మా ఫ్యాక్టరీలో పనిచేశాడని రాయాలి. కాంట్రాక్టరు నుంచి ఆ కాలానికి వేరే ధ్రువపత్రం తెచ్చుకోవాలి. విదేశీ సంస్థ పంపిన ఫారంలోనూ ఇద్దరు యజమానుల కింద రెండు వరుసలు నింపాలి.

కొరివి పెట్టే మాటలు

కొన్ని మాటలు చూడటానికి మామూలుగా ఉంటాయి గాని విచారణలో కొరివి పెడతాయి. కొలువులో ఉండగా తీసుకున్న ధ్రువపత్రంలో ‘టిల్ డేట్’ అని ఉంటుంది. ఇప్పటిదాకా పనిచేస్తున్నాడని దాని భావం. కొలువు మానేశాక అదే కాగితం పెడితే ఆఖరి తేదీ లేనట్లే లెక్క. ‘టెర్మినేటెడ్’ అంటే యాజమాన్యమే తొలగించిందని అర్థం. తానుగా రాజీనామా చేసినవారి కాగితంలో ఆ మాట పడకూడదు. ‘అబ్‌స్కాండింగ్’ అంటే చెప్పకుండా పని వదిలి పోయాడని. ‘సబ్జెక్ట్ టు ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్’ అంటే లెక్కలు ఇంకా తేలలేదని. అలాంటి కాగితం ఉంటే లెక్కలు తేలిన తర్వాత బాకీలు లేవని మరో ఉత్తరం తీసుకోవడం మేలు.

పేరు సంగతి మన ప్రాంతంలో మరీ ముఖ్యం. ఫ్యాక్టరీ రికార్డులో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. కాగితం తీసుకునేటప్పుడే పాస్‌పోర్టులో ఉన్నట్లు పేరు రాయించి, పక్కన ఉద్యోగి నంబరు వేయించుకుంటే ఈ పేచీ ఉండదు. సంస్థ లెటర్‌హెడ్, కాగితం తేదీ, సంతకం చేసినవారి పేరు, హోదా, సంస్థ ఫోను, ఈమెయిల్ కూడా ఉండాలి.

దిద్దవలసింది ఎవరు?

సంజాయిషీ నోటీసు అందగానే ఒక దళారి ఈ యువకుని వద్దకు వచ్చాడు. తేదీలు మార్చి కొత్త లెటర్‌హెడ్‌పై కొట్టించి ఇస్తానన్నాడు. యువకుడు దానికి ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే పని అక్కడితో చెడేది. విచారణ సంస్థలు కాగితంపై ఉన్న ఫోను నంబరునే నమ్ముకోవు. కంపెనీ చిరునామాను విడిగా వెతికి పట్టుకుని అక్కడికి రాస్తాయి. తేదీ తేడాకు సంజాయిషీ చెప్పుకోవచ్చు. దొంగ కాగితానికి సంజాయిషీ ఉండదు. ఉద్యోగంలో చేరిన తర్వాత బయటపడినా తీసివేస్తారు.

అతను ఫ్యాక్టరీకి వెళ్లి, పాత ధ్రువపత్రం నకలు, రిలీవింగ్ లెటర్, జీతం స్లిప్పులు, ప్రావిడెంట్ ఫండ్ వివరాలు జతచేసి సవరణ కోరుతూ అర్జీ ఇచ్చాడు. పాత తేదీతో ఉన్న ధ్రువపత్రం రద్దయిందని, దాని బదులు ఇది ఇస్తున్నామని రాసి వారు కొత్త కాగితం ఇచ్చారు. కాంట్రాక్టరు కూడా తన వంతు ధ్రువపత్రం ఇచ్చాడు. తేడా ఎలా వచ్చిందో ఒక పేజీలో రాసి అన్నీ గడువులోగా పంపాడు. విచారణ సంస్థ మళ్లీ ఫ్యాక్టరీని అడిగి తేదీలు కలిశాయని రాసింది. చేరవలసిన రోజు నెల వెనక్కి జరిగింది గాని కొలువు నిలిచింది.

పాత ఫ్యాక్టరీ మూతపడితే కొత్త కాగితం ఇచ్చేవారు ఉండరు. అప్పుడు నియామక ఉత్తరం, జీతం స్లిప్పులు, జీతం జమ అయిన బ్యాంకు ఖాతా లెక్క, ఫారం 16, ప్రావిడెంట్ ఫండ్ వివరాలు కలిపి పంపాలి. వీటిని ఒప్పుకోవడం విదేశీ సంస్థ ఇష్టం. అందుకే సంస్థ మూసివేత మాట వినిపించినప్పుడే రెండు కాగితాలూ తీసుకోవడం తెలివైన పని.

ప్రావిడెంట్ ఫండ్ వారి సభ్యుల వెబ్‌సైట్‌లో `View` కింద ఉన్న `Service History` తెరిస్తే చేరిన తేదీ, మానిన తేదీ కనిపిస్తాయి. మానిన తేదీని యాజమాన్యం నమోదు చేయకపోతే, కొలువు వదిలిన రెండు నెలల తర్వాత సభ్యుడే `Manage` కింద ఉన్న `Mark Exit` ద్వారా నమోదు చేసుకోవచ్చు. ఈ వీలు 2020 జనవరి నుంచి ఉంది. ఆ తేదీ రిలీవింగ్ లెటర్‌లోని తేదీతో కలవాలి.

విదేశీ ఫారం నింపేవారు తేదీలను గుర్తున్నంత మేర రాయకుండా, రిలీవింగ్ లెటర్, ప్రావిడెంట్ ఫండ్ వివరాలు ముందు పెట్టుకుని రాయాలి. రెండింటిలో ఒక్క రోజు తేడా ఉన్నా ముందు ఫ్యాక్టరీకి వెళ్లి సరిచేయించుకుని, ఆ తర్వాతే ఫారంపై సంతకం చేయాలని ఆ విశ్రాంత అధికారి చెబుతున్నారు.