గ్లాసు ఒకటే, లెక్క ఎందుకు మారుతుంది?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలో ఎండాకాలం దాహానికి చెరకు రసం, టెంకాయ నీళ్లు, మజ్జిగ తాగడం మామూలే. మూడూ 200 మిల్లీలీటర్ల గ్లాసులోనే పోసినా వాటి పోషకాల లెక్క వేరు. పిండిపదార్థం, మాంసకృత్తులు గ్రాముకు 4 కేలరీలు, కొవ్వు 9 కేలరీలు ఇస్తాయి.

చెరకు రసంలో ఉండేది దాదాపు అంతా చక్కెరే. 100 మిల్లీలీటర్లకు 13 గ్రాములనుకుంటే గ్లాసుకు 26 గ్రాములు, అంటే 104 కేలరీలు. పొరపాటు జరిగేది ఐసు దగ్గరే. గ్లాసులో పావువంతు ఐసైతే రసం 150 మిల్లీలీటర్లే, చక్కెర సుమారు 20 గ్రాములే. ఐసు కరిగితే నీరే కాబట్టి ద్రవం లెక్కలో దాన్ని వదలకూడదు.

గ్లాసు టెంకాయ నీళ్లలో చక్కెర 8 గ్రాముల దాకా ఉంటుంది, కొవ్వు దాదాపు ఉండదు. పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటతో ఎక్కువగా పోయేది సోడియం. అందుకే ఉప్పు వేసిన మజ్జిగ ఆ లోటును మెరుగ్గా తీరుస్తుంది.

మజ్జిగ లెక్కకు అసలు ఆధారం పెరుగు. 50 గ్రాముల పెరుగుకు 150 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే మాంసకృత్తులు 1.5 గ్రాములు, పిండిపదార్థం 1.5, కొవ్వు 2 గ్రాములు వస్తాయి. కేలరీలు 6, 6, 18 కలిపి 30. చిలికి వెన్న తీసేస్తే ఆ 18లో చాలావరకు వెన్నతోనే పోతుంది. కాబట్టి ఆహార చిట్టాలో ‘మజ్జిగ, ఒక గ్లాసు’ అని రాస్తే చాలదు. పెరుగెంత, వెన్న తీశారా, ఉప్పు వేశారా అన్నవీ రాయాలి.