రెండో సెలూన్ పెట్టాలా, ఫ్రాంచైజీ ఇవ్వాలా?

సెలూన్ బాగా నడుస్తుంటే ఏడాది తిరిగేసరికి ఎవరో ఒకరు వచ్చి "మీ పేరు మాకివ్వండి, మా ఊళ్లో పెట్టుకుంటాం" అని అడుగుతారు. పెట్టుబడి వాళ్లది, పేరు మనది, నెలనెలా రాయల్టీ. వినడానికి బాగానే ఉంటుంది. సరే అనేముందు ఒక లెక్క వేసుకోవాలి.

కూకట్‌పల్లిలో ఒక యూనిసెక్స్ సెలూన్ ఉందనుకుందాం. జీఎస్టీ పక్కన పెడితే నెలకు 6 లక్షల బిల్లింగ్. అద్దె 90 వేలు, జీతాలు, ఇన్సెంటివ్‌లు 2.2 లక్షలు, కలర్, షాంపూ లాంటి సరుకు 70 వేలు, కరెంటు, లాండ్రీ వగైరా 50 వేలు. మిగిలేది 1.7 లక్షలు. యజమానురాలు దీన్ని లాభం అనుకుంటుంది. కానీ పెళ్లి మేకప్‌లు, కష్టమైన కలర్ పనులు ఆవిడే చేస్తుంది. రాత్రి గల్లా లెక్క చూసేదీ ఆవిడే. ఆవిడ లేకపోతే ఒక సీనియర్ స్టైలిస్టునూ, ఒక మేనేజర్‌నూ పెట్టుకోవాలి. ఇద్దరికీ కలిపి 75 వేలు. అప్పుడు సెలూన్ అసలు లాభం 95 వేలే. తక్కినదంతా ఆవిడ చేతిపనికి దక్కిన కూలి.

ఇప్పుడు ఇదే సెలూన్‌ను ఫ్రాంచైజీ తీసుకున్న మనిషి వైపు నుంచి చూద్దాం. 30 లక్షలు పెట్టాడు. 6 శాతం రాయల్టీ అంటే 36 వేలు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 42 వేలు దాటుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సెలూన్ సేవలపై జీఎస్టీ 5 శాతానికి తగ్గింది గానీ, దాంతోపాటు ఇన్‌పుట్ క్రెడిట్ కూడా పోయింది. కాబట్టి రాయల్టీ మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. చివరికి అతని చేతిలో మిగిలేది 52 వేల పైచిలుకు. ఆ లెక్కన 30 లక్షలు తిరిగి రావడానికి దాదాపు అయిదేళ్లు పడుతుంది. ఈలోగా కుర్చీలు, ఇంటీరియర్ మళ్లీ మార్చాల్సిన సమయం వచ్చేస్తుంది.

డబ్బు మిగలని ఫ్రాంచైజీ ఏం చేస్తాడో ఊహించడం కష్టం కాదు. చవక సరుకు వాడతాడు, కొన్ని బిల్లులు సిస్టమ్‌లో ఎక్కించడు. దీన్ని పట్టుకోవడానికి కలర్ ట్యూబులు చూడాలి. 60 గ్రాముల ట్యూబు మామూలు రూట్ టచప్‌కి సుమారు సగం నుంచి ముప్పావు దాకా అవుతుంది. నెలలో 40 ట్యూబులు ఖాళీ అయి, టచప్ బిల్లులు 35 మాత్రమే కనిపిస్తే, పెద్ద గ్లోబల్ కలర్ పనులు ఎన్ని జరిగాయో అడగాలి. దానికి సరైన జవాబు లేకపోతే కౌంటర్ దగ్గర ఏదో జారిపోతున్నట్టే. ట్యూబులు అసలు మన దగ్గర కొనకపోతే అది ఇంకా పెద్ద సూచన.

పేరు ఇచ్చినవాళ్లకూ అది ఊరికే వచ్చే ఆదాయం కాదు. పని నేర్పడానికీ, తనిఖీకీ ఒక ట్రైనర్‌ను పెడితే ఒక్క ఫ్రాంచైజీ నుంచి వచ్చే 36 వేలు అతని జీతానికే చాలవు. మూడు నాలుగు సెలూన్లు ఉంటేనే ఆ ఖర్చు పంచుకోవచ్చు.

సొంత రెండో బ్రాంచిలో రాయల్టీ గొడవ లేదు. నిండుగా నడిస్తే 95 వేలూ మనవే. కానీ మొదటి నెలల్లో నిండదు. పై లెక్కలో అద్దె, జీతాలు, కరెంటు కలిపి 4.35 లక్షలు ఎలాగూ కట్టాలి. బిల్లింగ్ దాదాపు 5 లక్షలకు చేరితే గానీ నష్టం ఆగదు. మొదటి నెల 2 లక్షలే వస్తే రెండున్నర లక్షలకు పైగా చేతి నుంచి పడుతుంది. అందుకే 30 లక్షలకు తోడు మరో 8 నుంచి 10 లక్షలు పక్కన ఉండాలి. అప్పు తెచ్చి ఇంటీరియర్‌కే మొత్తం పోసేసినవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు.

నా అభిప్రాయంలో ముందు రెండో బ్రాంచే పెట్టాలి. ఆర్థికంగా అదే మేలని కాదు, పేరు నడుస్తోందా, చేయి నడుస్తోందా అన్నది అక్కడే తేలుతుంది. ముందుగా మొదటి సెలూన్ అపాయింట్‌మెంట్ పుస్తకం తిరగేయండి. "అక్కే చెయ్యాలి", "ఆ అబ్బాయి ఉన్నాడా" అని పేరు పెట్టి అడిగేవాళ్లు సగానికి మించితే ఇవ్వడానికి బ్రాండ్ ఇంకా తయారు కాలేదు. ఆ అబ్బాయి పక్క వీధిలో షాపు తెరిస్తే వాళ్లూ అటే వెళతారు. యజమానురాలు మూడు నెలలు కత్తెర పట్టకుండా చూసినా బిల్లింగ్ నిలిస్తే అప్పుడు రెండో చోటు వెతకొచ్చు. రెండోది కూడా మేనేజర్ చేతిలో ఏడాది లాభంతో నడిస్తే, కలర్ కలిపే కొలతల నుంచి టవల్ మార్చే పద్ధతి దాకా అన్నీ కాగితం మీదకు వచ్చి ఉంటాయి. ఫ్రాంచైజీకి అమ్మేది ఆ కాగితాన్నే.

అప్పుడు కూడా పేరును 44వ క్లాసు కింద ట్రేడ్‌మార్క్‌కు దరఖాస్తు చేశాకే సంతకం పెట్టాలి. మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు. కాంట్రాక్టులో రాసుకున్నదే ప్రధానంగా నిలబడుతుంది. అందులో చాలామంది మర్చిపోయేది ప్యాకేజీల సంగతి. 10 వేలు కడితే 12 వేల సర్వీసు అని ఫ్రాంచైజీ ముందే డబ్బు తీసుకుని, ఆర్నెల్లకు షట్టర్ దించేస్తే, మిగిలిన బ్యాలెన్స్ కోసం కస్టమర్లు వచ్చి నిలబడేది మీ మొదటి సెలూన్ కౌంటర్ దగ్గరే. అలాంటప్పుడు ఆ డబ్బు అతని డిపాజిట్ నుంచి కోసుకుంటామని ఒప్పందంలో రాసుకోవాలి. డిపాజిట్ కూడా అంత మొత్తానికి సరిపోయేలా ముందే తీసుకోవాలి.