పేరు ఒకటే, మెట్టు వేరు

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో సీనియర్, లీడ్, మేనేజర్ అనే హోదాలకు అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. ప్రతి కంపెనీకీ తనదైన మెట్ల వరస ఉంటుంది. ఆ మెట్లకు పేర్లూ అంకెలూ తన వీలును బట్టి పెట్టుకుంటుంది. హైదరాబాద్‌లో పెద్ద కార్యాలయాలున్న మూడు కంపెనీలను తీసుకుంటే చాలు. గూగుల్‌లో కాలేజీ నుంచి నేరుగా వచ్చిన ఇంజనీరు ఎల్3లో చేరతారు, సీనియర్ ఇంజనీరు ఎల్5లో ఉంటారు. అమెజాన్‌లో ఫ్రెషర్ మెట్టు ఎల్4, సీనియర్ మెట్టు ఎల్6. మైక్రోసాఫ్ట్‌లో ఇంజనీర్ల అంకెలు 59 దగ్గర మొదలవుతాయి, సీనియర్‌కు 63, 64 ఉంటాయి. ఎల్6ను ఎల్6తో పోల్చేస్తే సరిపోతుందనుకుంటే అక్కడే ఒక మెట్టు తేడా వస్తుంది, ఎందుకంటే గూగుల్‌లో ఎల్6 అంటే సీనియర్‌కు పైనున్న స్టాఫ్ ఇంజనీర్.

అంకెలకన్నా పేర్లతో వచ్చే ఇబ్బంది ఎక్కువ. సర్వీసెస్ కంపెనీల్లో క్లయింటుకు వేసే బిల్లు చాలావరకు మనిషి అనుభవాన్నీ హోదానూ బట్టి ఉంటుంది కాబట్టి హోదాలు త్వరగా మారుతూ ఉంటాయి. అలాంటి చోట మూడు నాలుగేళ్లకే పేరు ముందు సీనియర్ చేరడం మామూలే. జీతం ఎక్కువ ఇవ్వలేని స్టార్టప్ పెద్ద హోదా ఇచ్చి మనిషిని తెచ్చుకుంటుంది. విదేశీ బ్యాంకుల టెక్నాలజీ కేంద్రాల్లో వైస్ ప్రెసిడెంట్ అని పిలిచే ఉద్యోగికి కింద ఒక్కరు కూడా లేకపోవచ్చు. ఇందులో మోసమేమీ లేదు. ప్రతి సంస్థా తన అవసరానికి పేరు పెట్టుకుంది, అంతే. ఆ పేర్లను పక్కపక్కన పెట్టి జీతాలు పోల్చినప్పుడే అన్యాయం జరుగుతుంది.

అందుకే హోదాలను సరిపోల్చే పనిలో మొదటి నియమం ఏమిటంటే, పేరు మీద చెయ్యి అడ్డం పెట్టి పనిని చదవాలి. జీతాల సర్వేలు చేసే సంస్థలు ప్రతి మెట్టుకూ ఒక చిన్న పని వివరణ ఇస్తాయి. తమ ఉద్యోగి పనిలో దాదాపు 70 శాతం ఆ వివరణతో కలిస్తేనే ఆ మెట్టుకు చేర్చాలన్నది ఆ రంగంలో ఎప్పటి నుంచో ఉన్న లెక్క. పని విలువను పేరుతో సంబంధం లేకుండా కొలవాలన్న ఆలోచన కూడా కొత్తది కాదు. అమెరికాలో ఎడ్వర్డ్ హే 1940లలో మొదలుపెట్టిన పద్ధతి మూడు విషయాలు చూస్తుంది: పనికి కావలసిన పరిజ్ఞానం, పనిలో ఎదురయ్యే సమస్యల కష్టం, ఫలితానికి వహించాల్సిన బాధ్యత. ఆ పద్ధతి నేటికీ వాడుకలో ఉంది.

అదే కాలంలో లండన్‌లోని గ్లేసియర్ మెటల్ కంపెనీలో పరిశోధన చేసిన ఎలియట్ జాక్స్ ఇంకా సూటైన కొలత చెప్పాడు. ఒక ఉద్యోగికి అప్పగించిన పనుల్లో అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టేది ఏది, దాన్ని పూర్తిచేయడానికి ఎంత గడువు ఉంది అని అడగాలన్నాడు. అంతకాలం ఆ మనిషి పైవారు పక్కన లేకుండా సొంత తెలివితో నిర్ణయాలు తీసుకుంటూ పోవాలి. ఆయన లెక్కలో 3 నెలల లోపు గడువుండే పనులు మొదటి అంతస్తు. 3 నెలల నుంచి ఏడాది దాకా రెండోది, ఏడాది నుంచి రెండేళ్ల దాకా మూడోది. ఈ కాలపరిమితులను యథాతథంగా వాడనవసరం లేదు. కానీ ఈ ప్రశ్నకు జవాబు గొప్పలు చెప్పుకునే మాటల్లో ఇమడదు, నెలల్లోనే చెప్పాలి. హోదాలను పోల్చేవారికి ఇంతకన్నా పనికొచ్చే ప్రశ్న దొరకడం కష్టం.

ఆచరణలో ముందు చేయవలసింది రెండు దారులను విడదీయడం. ఒకటి సొంత చేతులతో పనిచేసే నిపుణుల దారి, రెండోది మనుషులను నడిపే మేనేజర్ల దారి. లీడ్ అనే హోదా ఈ రెంటి మధ్య ఉంటుంది కాబట్టి దాన్ని ఎటు చేర్చాలో తేల్చాలి. ఎవరిని తీసుకోవాలో, ఎవరికి ఎంత రేటింగ్ ఇవ్వాలో, ఇంక్రిమెంట్ ఎంతో చివరి మాట చెప్పేది ఎవరు? ఆ మాట చెల్లే మనిషిది మేనేజర్ల దారి. పనులు పంచి, కోడ్ చూసి, అభిప్రాయం మాత్రం చెప్పే మనిషిది నిపుణుల దారి, జట్టులో ఎంతమంది ఉన్నా సరే.

తర్వాత ఉమ్మడి మెట్ల వరస ఒకటి కావాలి. నిపుణుల దారికి ఇలా అనుకోవచ్చు. మొదటి మెట్టులో పక్కన ఒకరు ఉండి నేర్పాలి. రెండో మెట్టులో స్పష్టంగా చెప్పిన పనిని సొంతంగా చేస్తారు. మూడో మెట్టులో ఒక భాగానికి పూర్తి బాధ్యత వహిస్తారు, ఎలా చేయాలో తామే తేల్చుకుంటారు. నాలుగో మెట్టులో సమస్యే స్పష్టంగా ఉండదు. దాన్ని విడదీసి చెప్పడం కూడా వారి పనే, వారి నిర్ణయం మీద వేరే జట్లు ఆధారపడతాయి. ఐదు, ఆరు మెట్లలో ఆ ప్రభావం అనేక జట్లకూ, చివరికి సంస్థ మొత్తానికీ విస్తరిస్తుంది.

ఇప్పుడు మూడు ఉద్యోగాలను ఊహించుకుని ఈ కొలతతో చూడవచ్చు. మొదటిది సర్వీసెస్ కంపెనీలో టెక్నికల్ లీడ్, తొమ్మిదేళ్ల అనుభవం, ఎనిమిది మంది జట్టు. పని ఒక బ్యాంకు రుణాల అప్లికేషన్‌ను నడిపించడం. పనులు టికెట్ల రూపంలో వస్తాయి. డిజైన్ క్లయింటు వైపున్న ఆర్కిటెక్ట్ ఇస్తారు. లీడ్ వాటిని జట్టుకు పంచి, రాసిన కోడ్ చూసి, రోజూ సాయంత్రం కాల్‌లో జవాబు చెబుతారు. సెలవులు, రేటింగులు ప్రాజెక్ట్ మేనేజర్ చేతిలో ఉంటాయి. అన్నిటికన్నా పెద్ద పని మూడు నెలలకోసారి వచ్చే రిలీజ్.

రెండోది ఒక ప్రొడక్ట్ కంపెనీలో సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, ఆరేళ్ల అనుభవం, కింద ఎవరూ లేరు. ఆమెకు అప్పగించింది ఒక్క వాక్యం: కొందరు కస్టమర్లకు డబ్బు రెండుసార్లు కట్ అవుతోంది, ఇది ఆగాలి. లోపం ఎక్కడుందో వెతకడం ఆమె వంతు. ఒకే చెల్లింపు అభ్యర్థన మళ్లీ వచ్చినా డబ్బు ఒకసారే కట్ అయ్యేలా డిజైన్ ఎంచుకున్నదీ, ఆ మార్పుకు మరో మూడు జట్లను ఒప్పించిందీ ఆమే. మొదలుపెట్టిన పదో నెలకు గానీ ఆ నిర్ణయం సరైనదో కాదో తేలలేదు.

మూడోది పాతిక మంది ఉన్న స్టార్టప్‌లో ఇంజనీరింగ్ మేనేజర్, ఐదేళ్ల అనుభవం. కింద ఇద్దరు జూనియర్లు. వారంలో నాలుగు రోజులు కోడ్ రాయడమే పని. సర్వర్ వైపు అంతా ఆయనదే, కానీ రెండు వారాలకోసారి ఏం చేయాలో వ్యవస్థాపకులు చెబుతారు. ఉద్యోగులను తీసుకోవడం, జీతాలు తేల్చడం కూడా వారే.

హోదాల పేర్లు చూస్తే మూడో ఆయన అందరికన్నా పైన, రెండో ఆమె అందరికన్నా కింద ఉండాలి. పనిని చూస్తే లెక్క తిరగబడుతుంది. రెండో ఉద్యోగం నాలుగో మెట్టు: సమస్య అస్పష్టం, కాలం దీర్ఘం, ప్రభావం జట్టు దాటింది. మొదటిది మూడో మెట్టు. ఎనిమిది మందిని సమన్వయం చేయడం నిజమైన బరువే కాబట్టి దాన్ని రికార్డులో విడిగా రాయాలి, కానీ డిజైన్ నిర్ణయమూ మనుషుల మీద నిర్ణయమూ రెండూ ఇతరుల చేతిలో ఉన్నాయి. మూడోది మేనేజర్ల దారిలోకే రాదు. నిపుణుల దారిలో మూడో మెట్టు పైఅంచున నిలుస్తుంది. పని విస్తీర్ణం చాలా ఎక్కువ, కానీ సొంత నిర్ణయంతో సాగే కాలం తక్కువ. రేపు వ్యవస్థాపకులు నియామకాలూ రేటింగులూ ఆయనకు వదిలేస్తే అదే పేరుతో ఉన్న అదే కుర్చీ మేనేజర్ల దారిలో మొదటి మెట్టవుతుంది.

ఈ పనిలో పొరపాట్లు సాధారణంగా మూడు చోట్ల దొర్లుతాయి. అనుభవం ఏళ్లను మెట్టుగా లెక్కించడం అన్నిటికన్నా సులువైన తప్పు. పై ఉదాహరణలో తొమ్మిదేళ్ల మనిషి ఆరేళ్ల మనిషికన్నా ఒక మెట్టు కింద ఉన్నారు, అది ఆ మనిషి సామర్థ్యం మీద తీర్పు కాదు, ఆ ఉద్యోగం ఇచ్చిన అవకాశం మీద లెక్క. రెండోది నియామక ప్రకటనను పని వివరణగా తీసుకోవడం. ప్రకటనలో కోరికలుంటాయి, పని ఉండదు. గత ఆరు నెలల్లో నిజంగా చేసిన పనులనూ తీసుకున్న నిర్ణయాలనూ అడిగి రాసుకోవాలి. మూడోది అన్నిటికన్నా హానికరమైనది: జీతం చూసి మెట్టు తేల్చడం. తక్కువ జీతం కాబట్టి కింది మెట్టు అనీ, కింది మెట్టు కాబట్టి తక్కువ జీతం అనీ తేలిస్తే ఉన్న అన్యాయానికే ముద్ర పడుతుంది. స్త్రీల జీతాల్లోని తేడాలు ఇలాగే కంటికి కనబడకుండా పోతాయి. మన దేశంలో 1976 నాటి సమాన వేతన చట్టం కూడా పేరు అడగలేదు. నైపుణ్యం, శ్రమ, బాధ్యత ఒకేలా ఉన్నాయా అనే అడిగింది. 2019 వేతనాల కోడ్‌లోనూ అదే కొలత కొనసాగింది.

సరిపోల్చింది సరిగా వచ్చిందో లేదో చూడటానికి ఇద్దరు మనుషులు విడివిడిగా, పేర్లూ జీతాలూ చెరిపేసిన అవే వివరణలను చదివి మెట్లు వేయాలి. ఒక మెట్టు తేడా వస్తే కూర్చుని మాట్లాడుకుంటే తేలుతుంది. రెండు మెట్ల తేడా వచ్చిందంటే లోపం చాలావరకు పని వివరణలోనే ఉంటుంది, మళ్లీ వెళ్లి అడిగి రాయాలి. ఆ తర్వాత జీతాలను పక్కన పెట్టి చూస్తే, ఒకే మెట్టులో ఎవరిదైనా బాగా ఎక్కువగానో తక్కువగానో కనిపిస్తే మొదట మెట్టును, తర్వాత జీతాన్ని అనుమానించాలి.

అమెరికా వెళ్లే తెలుగు ఇంజనీర్లకు ఈ లెక్క వేరే రూపంలో ఎదురవుతుంది. హెచ్-1బి దరఖాస్తుకు ముందు అక్కడి కార్మిక శాఖ కోసం ఉద్యోగాన్ని నాలుగు వేతన స్థాయుల్లో ఒకదానికి చేర్చాలి. ఆ శాఖ మార్గదర్శకాల్లో లెక్క 1 దగ్గర మొదలై, ఉద్యోగానికి కావలసిన అనుభవం, చదువు, ప్రత్యేక నైపుణ్యం మామూలుకన్నా ఎక్కువైతే పాయింట్లు కలుస్తాయి. ఆ వృత్తిలో పర్యవేక్షణ మామూలు భాగం కానప్పుడు, ఇతరులను పర్యవేక్షించే బాధ్యతకు మరో పాయింటు వస్తుంది. ఇక్కడి లీడ్ అనే పేరుకు మాత్రం ఆ లెక్కలో విడిగా పాయింటు లేదు.

ఎంత జాగ్రత్తగా చేసినా ఈ పద్ధతికి హద్దులున్నాయి. పాతిక మంది సంస్థలోని విస్తృతినీ, వేలమంది సంస్థలోని లోతునూ ఒకే మెట్టు మీద పూర్తిగా ఇమడ్చలేరు. అలాంటప్పుడు 3 లేదా 4 అని రెండు అంకెలు రాసి, కారణం పక్కనే రాయడం ఒకే అంకెకు బిగించడం కన్నా నిజాయితీగా ఉంటుంది. కంపెనీలు తమ మెట్లను కూడా మారుస్తూ ఉంటాయి, కొత్త మెట్టు మధ్యలో చేర్చవచ్చు, రెండింటిని కలిపేయవచ్చు. అందుకని ఇలా తయారైన పట్టిక మీద తేదీ వేయాలి, ఏ వివరణల ఆధారంగా వేశారో వాటిని జతచేసి ఉంచాలి, ఏడాదికోసారి తిరిగి చూడాలి.