నూటికి రెండు రూపాయల వడ్డీ, డల్లాస్ నుంచి ఒక ఉత్తరం

రిటైరైన టీచరు ఒకాయన గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు కలిపి 20 లక్షలు తమ ఊరి ఫైనాన్స్ కంపెనీలో వేశారనుకుందాం. వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు. చేతిలో ప్రామిసరీ నోటు, ముందు తేదీలు వేసిన చెక్కులు ఉన్నాయి. నెల తిరిగేసరికి 40 వేలు వచ్చేస్తున్నాయి. డల్లాస్‌లో ఉన్న కూతురు ఫోన్లో అభ్యంతరం చెబితే, "పదహారు నెలలుగా ఒక్క రోజు ఆలస్యం చేయలేదమ్మా. పెట్టించినాయన మా స్కూల్లో పనిచేసినవాడే" అని నాన్న మాట తుంచేస్తారు. ఇక ఆమె ఉత్తరమే రాయాలి. ఫోన్లో గొడవగా మారే మాటను కాగితం మీదైతే అమ్మా నాన్నా కూర్చుని రెండోసారి చదువుతారు.

ఆ ఉత్తరంలో ఏజెంటు మంచివాడా చెడ్డవాడా అన్న చర్చ వద్దు. అతనూ తన డబ్బు అందులోనే పెట్టి ఉండవచ్చు. లెక్కతో మొదలుపెడితే నాన్న వింటారు.

"నాన్నా, ఇప్పటిదాకా మనకు వచ్చింది 6 లక్షల 40 వేలు. అసలు 20 లక్షలు వడ్డీ రూపంలో వెనక్కి రావాలన్నా యాభై నెలలు పడుతుంది. ఈ రోజు ఆ ఆఫీసుకు తాళం పడితే మనకు పోయేది 13 లక్షల 60 వేలు."

తర్వాత కంపెనీ వైపు లెక్క చూడాలి. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఏజెంటు కమిషన్, ఆఫీసు ఖర్చు కలిపితే ఆ కంపెనీ ఏటా 30 శాతానికి పైగా సంపాదించాలి. డిపాజిట్లు తీసుకునే అనుమతి ఉన్న ఫైనాన్స్ కంపెనీలు కూడా 12.5 శాతానికి మించి వడ్డీ ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. దానికి దాదాపు రెట్టింపు ఇస్తామంటున్నారంటే ఆ కంపెనీ నిబంధనలకు బయట నడుస్తున్నట్టే. వ్యాపారంలో అంత లాభం లేనప్పుడు, కొత్తగా చేరినవారి అసలే పాతవారికి వడ్డీగా వెళ్తుంది. అందుకే ఇలాంటి చోట వడ్డీ చివరి నెల దాకా ఠంచనుగా వస్తుంది. నాన్న రుజువుగా చూపిస్తున్న ఆ పదహారు నెలల క్రమశిక్షణ దేనికీ రుజువు కాదు.

ఇది అగ్రిగోల్డ్‌లో అందరూ చూసిందే. విజయవాడ కేంద్రంగా 1995లో మొదలైన ఆ సంస్థ దాదాపు రెండు దశాబ్దాలు నడిచింది. సుమారు 32 లక్షల మంది దగ్గర 6,380 కోట్ల రూపాయలు సేకరించాక చెల్లింపులు ఆగిపోయాయి. డిపాజిట్లు కట్టించిన ఏజెంట్లు కూడా మన పక్కింటివాళ్లూ బంధువులే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో 10 వేల లోపు, 2021లో 20 వేల లోపు డిపాజిట్లకు డబ్బు చెల్లించింది. లక్షల్లో పెట్టినవారికి మాత్రం ఏళ్ల తరబడి కోర్టులు, జప్తులు, వేలాలే దిక్కయ్యాయి.

మరి డబ్బు తీసి ఎక్కడ పెట్టాలి? అరవై దాటినవారికి పోస్టాఫీసులోనూ బ్యాంకుల్లోనూ సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్ ఉంది. 2025లో దానిపై వడ్డీ 8.2 శాతం, ఒక్కరికి 30 లక్షల దాకా పరిమితి. 20 లక్షలకు మూడు నెలలకోసారి 41 వేలు, అంటే నెలకు పదమూడున్నర వేల పైచిలుకు వస్తుంది. 40 వేలకు అలవాటుపడిన ఇంటికి ఇది పెద్ద కోత. ఆ సంగతి దాటవేస్తే ఉత్తరం నిలవదు. పిల్లల ముందు చేయి చాచకూడదనే చాలామంది పెద్దలు ఈ అధిక వడ్డీల వైపు వెళ్తారు. అందుకే కూతురు ఇలా రాయాలి: "తగ్గేది నెలకు 26 వేలు. అందులో మీకు నిజంగా ఎంత అవసరమో అమ్మతో కూర్చుని చూడండి. అది నేను పంపుతాను. కన్నబిడ్డ ఇచ్చే కానుకపై మీకు మన దేశంలో ఆదాయపు పన్ను ఉండదు."

చివరికి అడగాల్సింది ఒక్కటే. ఈ వారమే కంపెనీకి వెళ్లి, అసలు మొత్తం తిరిగి ఇవ్వమని రాతపూర్వకంగా కోరి, అందినట్టు నకలు మీద సంతకం, ముద్ర వేయించుకోవాలి. సొమ్ము బ్యాంకు ఖాతాలో పడేదాకా ఒరిజినల్ నోటు, చెక్కులు చేతులు మారకూడదు. జిరాక్సులు తీసి ఒక సెట్టు కూతురికి పంపాలి. నిజమైన వ్యాపారం చేసే కంపెనీ కొంత వడ్డీ కోసుకునైనా తేదీ చెప్పి చెల్లిస్తుంది. అలా కాకుండా "ఇంకో ఆరు నెలలు ఉంచండి, వడ్డీ రెండున్నర చేస్తాం" అన్నా, డబ్బుకు బదులు ప్లాటు ఇస్తామన్నా, వచ్చే నెల రమ్మని తిప్పినా అప్పుడు నాన్నకే విషయం తెలుస్తుంది. అలాంటప్పుడు ఏజెంటు మాట కోసం ఆగకుండా ఆ కాగితాలన్నీ పట్టుకుని పోలీసులకు ఫిర్యాదు చేయాలి. డిపాజిటర్ల రక్షణ కోసం 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తెచ్చిన చట్టం కింద ప్రభుత్వం అలాంటి సంస్థ ఆస్తులను జప్తు చేయగలదు. అయితే ఆస్తులు చేతులు మారిపోయాక జప్తుకు మిగిలేది తక్కువ కాబట్టి, ఫిర్యాదు ఎంత ముందు పడితే అంత మేలు.