చిన్న ఇంటికి ప్రొజెక్టరా, పెద్ద టీవీయా?

ప్రొజెక్టరుకూ టీవీకీ అసలు తేడా నలుపు రంగు దగ్గర బయటపడుతుంది. టీవీలో వెలుగు ఆగిపోయిన చోట నల్లటి ప్యానెల్ మిగులుతుంది. ప్రొజెక్టరు మాత్రం గోడ మీదికి వెలుతురును పంపగలదు గానీ చీకటిని పంపలేదు. సినిమాలో రాత్రి ఆకాశం వచ్చినప్పుడు, ఆ గది వెలుతురులో తెర ఎంత తెల్లగా కనిపిస్తోందో ఆకాశం కూడా దాదాపు అంత తెల్లగానే ఉంటుంది.

పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవున్న హాలును తీసుకుందాం. 100 అంగుళాల తెర ఏడడుగులకు కాస్త పైన వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉంటుంది. 1000 ఆన్సీ ల్యూమెన్ల ప్రొజెక్టరు వెలుతురు ఆ మేరకు పరుచుకుంటే తెర మీద దాదాపు 115 నిట్స్ ప్రకాశం వస్తుంది. సినిమా హాలు ప్రమాణం 48 నిట్సే కాబట్టి, చీకట్లో ఇది ధారాళంగా సరిపోతుంది.

అదే హాల్లో ట్యూబ్‌లైట్ వేస్తే లెక్క మారుతుంది. గోడ మీద 50 లక్స్ వెలుతురు పడితే తెల్లటి తెర దానంతటదే దాదాపు 16 నిట్స్ వెలుగుతుంది. అప్పుడు తెల్లటి భాగం నల్లటి భాగం కన్నా దాదాపు ఎనిమిది రెట్లే ప్రకాశవంతం. పగలు కిటికీ తెరిచి గోడ మీద 200 లక్స్ పడితే ఆ తేడా మూడు రెట్లకు పడిపోతుంది. ముఖాలు వెలిసిపోతాయి, రాత్రి దృశ్యాలు కనిపించవు. 300 నిట్స్ ఇచ్చే మామూలు ఎల్‌ఈడీ టీవీ తనమీద పడిన వెలుతురులో కొద్ది శాతాన్నే తిప్పికొడుతుంది కనుక ట్యూబ్‌లైట్ కింద కూడా ఈ తేడా వంద రెట్లు దాటుతుంది.

గది చీకటి చేసినా ఒక చిక్కు ఉంటుంది. తెర మీది వెలుతురు తెల్లటి గోడలకు, సీలింగుకు తగిలి మళ్లీ తెర మీదికే వస్తుంది. తెర చుట్టూ ముదురు రంగు వేస్తే, లేదా ముదురు కర్టెన్లు కడితే నలుపు మెరుగుపడుతుంది.

పెట్టె మీది ల్యూమెన్ల అంకెనూ జాగ్రత్తగా చూడాలి. ఆన్సీ అనో ఐఎస్ఓ అనో లేకుండా వేలల్లో రాసిన అంకెను నమ్మడానికి వీల్లేదు. నిజంగా 200 ల్యూమెన్లే ఉంటే 100 అంగుళాల తెర మీద వచ్చేది 23 నిట్స్, అంటే సినిమా హాలులో సగం. బొమ్మను 60 అంగుళాలకు తగ్గిస్తే ప్రకాశం దాదాపు మూడింతలవుతుంది. కానీ ఆ సైజుకు 55 అంగుళాల టీవీయే సరిపోతుంది.

కొనేముందు చేయదగిన పరీక్ష ఒకటుంది. ఇంట్లో మామూలుగా టీవీ చూసే వేళకు, రోజూ వేసే లైట్లే వేసి, బొమ్మ పడాల్సిన గోడను చూడాలి. ప్రొజెక్టరు ఇవ్వగలిగిన నలుపు అంతకన్నా ముదురుగా ఉండదు. పొద్దున వార్తలు, సాయంత్రం సీరియళ్లు, లైట్లు వేసుకుని భోజనాలు జరిగే ఇంటికి టీవీయే తగినది. రాత్రిపూట కర్టెన్లు వేసి సినిమా చూడటమే ప్రధానమైతే, తెరకూ ప్రొజెక్టరుకూ మధ్య తొమ్మిదడుగుల దూరం దొరికితే, ప్రొజెక్టరు ఇచ్చే పెద్ద బొమ్మకు ఆ ఖర్చు తగినదే.